కుండ చెప్పిన ఒక్క మాట

మా మనవరాలు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతోంది. పోయిన వేసవంతా కుండల వెంట పడింది. అనంతపురంలో నాలుగు కుండలు కొని మా వసారాలో వారం రోజులు నీళ్ళు పోసి కొలిచింది. తర్వాత వాటిని గడ్డిలో చుట్టి రైలెక్కించి, విశాఖలో ఉన్న వాళ్ళ పిన్ని ఇంటికి మోసుకెళ్ళి అక్కడ ఇంకో వారం కొలిచింది. దారిలో ఒకటి పగిలింది, మూడు మిగిలాయి. రెండు ఊళ్ళలోనూ కుండల పక్కన అవే నీళ్ళు పోసిన స్టీలు బిందె ఒకటి పెట్టింది. ఆ బిందె లేకపోతే, నీళ్ళు చల్లబడింది కుండ వల్లనా లేక రాత్రి చలికా అని అడిగినవాడికి చెప్పే జవాబు ఉండదు.

ఈ పనిని ఒక సదస్సులో పోస్టరుగా పెట్టడానికి ఎంపిక చేశారు. పోస్టరంటే తెలుసుగా, గోడకు తగిలించిన ఒక పెద్ద కాగితం, దాని పక్కన నిలబడ్డ మనిషి. హాల్లో అలాంటివి వందో నూటయాభయ్యో ఉంటాయి. టీ కప్పు పట్టుకుని జనం వాటి మధ్య నడుస్తూ పోతారు. ఉపన్యాసమైతే వినేవాళ్ళు కుర్చీల్లో కూర్చుని ఉంటారు, నచ్చకపోయినా లేచిపోవడానికి మొహమాటపడతారు. పోస్టరు ముందు ఆ మొహమాటం ఉండదు. ఒకసారి చూస్తారు, కాలు ఆగితే ఆగుతుంది, లేకపోతే లేదు.

సదస్సుకు పది రోజుల ముందు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. "తాతయ్యా, పోస్టరయిపోయింది, ఒక్కసారి చూడు" అంది. పైన శీర్షిక చూశాను. అది ఇంగ్లీషులో ఉందిగాని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: 'విభిన్న వాతావరణ పరిస్థితులలో సాంప్రదాయిక మృణ్మయ పాత్రల బాష్పీభవన శీతలీకరణ సామర్థ్యంపై తులనాత్మక అధ్యయనం'. చదివేసరికి నాకే దాహం వేసింది. దాని కింద ఉపోద్ఘాతం, లక్ష్యాలు, పద్ధతి, ఫలితాలు, చర్చ, ముగింపు అని ఆరు గడులు. మొత్తం మాటలు లెక్కపెట్టమన్నాను. పదకొండు వందల పైచిలుకు వచ్చాయి. నింపాదిగా చదివేవాడికి ఐదారు నిమిషాల పని. నిలబడి, చేతిలో వేడి టీతో, పక్కనుంచి ఎవరో తోసుకుంటూ పోతుంటే ఐదు నిమిషాలు చదివేది ఎవరు?

"సరేనమ్మా, ల్యాప్‌టాప్ మూసెయ్. రెండు వారాలు కుండలు మోశావు కదా, ఏం తెలిసింది?" అన్నాను.

"కుండలో నీళ్ళు ఆవిరై చల్లబడటాన్ని రెండు వేర్వేరు..."

"అది నువ్వు చేసిన పని. తెలిసింది చెప్పు."

కాసేపు ఆలోచించింది. "తేమ ప్రభావం ఉంది" అంది.

"ప్రభావం ఉందని మీ నాయనమ్మ నీకన్నా ముందే చెబుతుంది. విశాఖలో ఉక్క, కుండ నీళ్ళు చల్లబడవు అంటుంది. నువ్వు ఆమెకన్నా ఎక్కువ చెప్పేదేమిటి?"

ఇక్కడ కొంచెం ఆగి కుండ సంగతి చెప్పాలి, లేకపోతే మిగతా కథ అందదు. కుండ గోడలో సన్నని రంధ్రాలుంటాయి. నీళ్ళు వాటిగుండా ఊరి బయటికొచ్చి ఆవిరవుతాయి. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2.4 కిలోజౌళ్ళ వేడి కావాలి. అందులో ఎక్కువభాగం లోపలి నీళ్ళ నుంచే తీసుకుంటుంది కాబట్టి అవి చల్లబడతాయి. అయితే ఎంతదాకా? దీనికో హద్దు ఉంది. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి ఆడేలా ఉంచితే అది కొంత దిగి ఒకచోట ఆగుతుంది. దాన్ని తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. కుండ కూడా ఒకరకంగా తడిగుడ్డ చుట్టిన పెద్ద బల్బే. ఆ హద్దు దగ్గరికి వస్తుందిగాని దాటి కిందికి పోలేదు.

ఆ హద్దు ఊరినిబట్టి మారుతుంది. అనంతపురంలో వేసవి మధ్యాహ్నం గాలి 40 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుందాం. తడిబల్బు 22, 23 డిగ్రీల మధ్య ఉంటుంది. అంటే కిందికి దిగడానికి సుమారు 17 డిగ్రీల చోటుంది. విశాఖలో గాలి 34 డిగ్రీలే, కానీ తేమ 70 శాతం అనుకుంటే తడిబల్బు 29 దగ్గరుంటుంది. దిగడానికి ఉన్న చోటు ఐదే డిగ్రీలు. కుమ్మరి ఎంత గొప్పవాడైనా ఆ ఐదును ఆరు చేయలేడు.

ఇదంతా తనకు తెలుసు. ఆరో గడిలో, నాలుగో వాక్యంలో, నామమాత్రంగా రాసింది కూడా. నేను చేసిందల్లా దాన్ని అక్కణ్ణుంచి బయటికి లాగడమే. ఇంగ్లీషు పక్కనపెట్టి తెలుగులో, నాయనమ్మకు చెప్పినట్టు, ఒక్క వాక్యంలో చెప్పమన్నాను. ఎనిమిదిసార్లు కొట్టేసి రాసింది. చివరికి వచ్చింది ఇది: 'అనంతపురంలో 17 డిగ్రీల దాకా చల్లబరచగల కుండ విశాఖలో 5 దాటలేదు, హద్దు పెట్టేది కుండ కాదు, గాలి.' దాన్నే ఇంగ్లీషులోకి మార్చుకుని శీర్షిక చేసింది. తెలుగులో ముందు అనుకోవడం ఎందుకంటే, పరాయి భాషలో పెద్దమాటల చాటున దాక్కోవడం తేలిక. అమ్మభాషలో అర్థం లేకుండా మాట్లాడితే మనకే నవ్వొస్తుంది.

ఆ వాక్యంలో క్రియ ఉంది చూశారా? పాత శీర్షికలో లేదు. 'అధ్యయనం' అన్నది పెట్టె మీద అంటించిన చీటీ, లోపల ఏముందో చెప్పదు. 'దాటలేదు' అన్నప్పుడు ఎవరైనా కాదనొచ్చు, ఎందుకని అడగొచ్చు. అడగడానికి వీలున్న మాటే పోస్టరు మీద పెద్దక్షరాల్లో ఉండాలి.

2019లో అమెరికాలో మైక్ మోరిసన్ అనే మనస్తత్వశాస్త్ర విద్యార్థి ఈ విషయం మీదే ఒక వీడియో పెట్టి పెద్ద చర్చ లేపాడు. పోస్టరు నడిమి భాగమంతా ఖాళీ చేసి అందులో కనుగొన్న సంగతిని మామూలు మాటల్లో పెద్దగా రాయమన్నాడు. వివరాలు పక్కన సన్న పట్టీల్లో ఉంటాయి, ఇంకా కావాలంటే ఫోనుతో తీసుకోవడానికి క్యూఆర్ గుర్తు. చాలామంది అలాగే చేయడం మొదలుపెట్టారు. నాకు అందులో సగమే నచ్చింది. మాట ఒక్కటే పెట్టి రుజువును పక్కకు నెడితే అది సినిమా కటౌటులా అవుతుంది. శాస్త్రం తెలిసినవాడు మాట చదవగానే 'ఏదీ చూపించు' అంటాడు. అందుకని మాట కిందే ఒక్క బొమ్మ, అదీ పెద్దగా ఉండాలన్నాను.

ఆ బొమ్మ కోసం మళ్ళీ రభస. తనకు తొమ్మిది గ్రాఫులున్నాయి. కొన్ని రోజులవారీగా, కొన్ని కుండలవారీగా. అన్నీ కష్టపడి గీసినవే, ఏదీ వదలబుద్ధి కాదు. "నీ వాక్యంలో ఏ రెండు సంగతులున్నాయి?" అని అడిగాను. దిగడానికి ఉన్న చోటు ఒకటి, నిజంగా దిగింది ఇంకొకటి. అయితే అడ్డంగా మొదటిది, నిలువుగా రెండోది పెట్టి, అన్ని కుండల అన్ని రోజుల చుక్కలూ ఒకే గ్రాఫులో వేసింది. ఐమూలగా హద్దు గీత గీసింది. చుక్కలన్నీ ఆ గీతకు కిందే ఉన్నాయి. విశాఖ చుక్కలు మూలకు ఒదిగి కూర్చున్నాయి, అనంతపురంవి పైకి ఎగబాకాయి. స్టీలు బిందె చుక్కలు గీతను పట్టించుకోకుండా అడుగున పడున్నాయి. గ్రాఫు పక్కన రంగుల పట్టిక పెట్టబోతే వద్దని, గుంపుల పక్కనే ఊరి పేర్లు రాయించాను. పట్టిక చూసి, మళ్ళీ చుక్క చూసి, మళ్ళీ పట్టికలోకి వెళ్ళే ఓపిక నడిచేవాడికి ఉండదు. ఎరుపూ ఆకుపచ్చా కూడా వద్దన్నాను. ఆ రెంటికీ తేడా తెలియని మగవాళ్ళు ఏ హాల్లోనైనా ఒకరిద్దరు ఉంటారు, పైకి చెప్పరు. నీలం, నారింజ పెట్టి, ఒక ఊరికి గుండ్రటి చుక్క, ఇంకో ఊరికి త్రికోణం ఇచ్చింది.

అక్షరాల సైజుకు మాత్రం ఒక చిన్న లెక్క చాలు. పోస్టరు సాధారణంగా ఎ0 కాగితం, అంటే 841 మిల్లీమీటర్లకు 1189. దాన్ని నాలుగుసార్లు సగానికి మడిస్తే మనింట్లో ఉండే ఎ4 వస్తుంది. పొడవు, వెడల్పు రెండూ నాలుగోవంతు అవుతాయి. కాబట్టి పోస్టరును ఎ4 మీద ప్రింటు తీసి మామూలుగా చదివే దూరంలో, సుమారు 40 సెంటీమీటర్లలో పట్టుకుంటే, హాల్లో 160 సెంటీమీటర్ల దూరం నుంచి చూసినట్టే. ఆ కాగితం మీద కష్టపడకుండా చదవగలిగినదే అక్కడా చదవగలరు. పోస్టరు మీద 28 పాయింట్ల అక్షరం ఈ కాగితంలో 7 పాయింట్లు అవుతుంది. నా కళ్ళద్దాలకు అదే చివరి మెట్టు. తను 18 పెట్టింది. ఎ4లో అవి చీమల బారు. ఇక శీర్షికనైతే అదే కాగితాన్ని గోడకు అంటించి, మీటరున్నర వెనక్కి జరిగి చదివి చూడాలి. అది హాల్లో ఆరు మీటర్ల దూరం. అక్షరాలు పెంచితే మాటలు పట్టవు, మాటలు పట్టకపోతే కొట్టేయాలి. అలా పదకొండు వందలు రెండువందల యాభైకి వచ్చాయి. కొట్టేసినవాటిని పారేయొద్దు, నాలుకమీద పెట్టుకో అన్నాను. అవే తర్వాత జవాబులవుతాయి.

ఫ్లెక్సీ కొట్లో ఇంకో తంటా. వాళ్ళ పిన్ని వాట్సాప్‌లో పంపిన కుండల ఫొటో ఫోనులో ముచ్చటగా ఉంది. మూరెడు వెడల్పుకు సాగదీస్తే గళ్ళ లుంగీలా తేలింది. వాట్సాప్ పంపేటప్పుడే ఫొటోను కుదించేస్తుంది. అసలు ఫైలు మళ్ళీ డాక్యుమెంటుగా తెప్పించింది. స్లైడు మొదటినుంచీ ఎ0 సైజులో పెట్టుకుని, చివర పీడీఎఫ్ చేసి ఇచ్చింది కాబట్టి కొట్టువాడి కంప్యూటర్లో అక్షరాలు చెదరలేదు. మెరిసే ఫ్లెక్సీ వద్దని మాట్ కాగితం అడిగింది. మెరుపు మీద ట్యూబులైటు పడితే గ్రాఫు కనపడదు.

ఇక మాట్లాడటం. రాసిన ఆ ఒక్క వాక్యం ఇక్కడ అక్కరకొచ్చింది. జనం ఏం అడుగుతారో తెలియదని భయపడుతోంది. "ఎందుకు తెలియదు? ఆ వాక్యంలో ప్రతి మాటనూ గిల్లి చూడు" అన్నాను. 'కుండ' అన్నావు, ఎన్ని కుండలు? '17' అన్నావు, కొలిచావా, లెక్క కట్టావా? 'హద్దు' అన్నావు, దానికి ఎంత దగ్గరికి వెళ్ళింది? 'గాలి' అన్నావు, గాలిలో వేడా, తేమా? వచ్చే ప్రశ్నల్లో ముక్కాలుమువ్వీసం ఇవే, మాటలు మారతాయంతే.

వసారాలో రిహార్సలు పెట్టాం. నేను పరీక్షాధికారిని. వాళ్ళ తమ్ముడు అడ్డంగా మాట్లాడే పెద్దమనిషి, ఆ వేషం వాడికి సహజంగా కుదిరింది. మొదట ఒక షరతు పెట్టాను. ప్రతి జవాబూ మూడింట్లో ఒక మాటతో ముగియాలి: కొలిచాను, లెక్క కట్టాను, అనుకుంటున్నాను. ఏది ఏదో కలిపేస్తేనే గొంతు వణుకుతుంది.

"17 డిగ్రీలు కొలిచావా?" అన్నాను.

"లేదు తాతయ్యా, ఆ 17 తడిబల్బు నుంచి లెక్క కట్టిన హద్దు. నేను కొలిచినవి ఈ చుక్కలు. అవి హద్దుకు ఇంత కింద ఆగాయి" అని గ్రాఫు మీద వేలు పెట్టింది. ఎందుకు ఆగాయంటే, వేడిగోడల నుంచీ నేల నుంచీ కుండకు వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి అనుకుంటున్నానంది. బాగుంది.

"శాంపిలెంత?"

"ముప్ఫై రీడింగులు" అంది ధీమాగా. ఇక్కడ దొరికిపోయింది. ఒక్కో కుండను పదిసార్లు కొలిస్తే కుండలు ముప్ఫై కావు, మూడే. ఒకే మనిషి జ్వరాన్ని పదిసార్లు చూసి పదిమందికి జ్వరమని చెప్పం కదా. గణాంకాలు తెలిసినవాళ్ళు పోస్టరు దగ్గర ముందు వెతికేది ఈ తప్పే. జవాబు ఇలా మార్చుకుంది: "మూడు కుండలు, ఒక్కోదాన్ని పదిసార్లు. కాబట్టి అన్ని కుండలూ ఇలాగే ఉంటాయని నేననడం లేదు. అవే కుండలు రెండు ఊళ్ళలో వేరుగా ప్రవర్తించాయన్నదే నా మాట." రైల్లో మోసిన కష్టం ఈ ఒక్క వాక్యానికి బలమిచ్చింది. ఏ ఊరి కుండ ఆ ఊళ్ళో కొని ఉంటే, తేడా మట్టిది కావచ్చుగా అని ఎవరైనా కొట్టిపడేసేవారు.

అసలు గట్టి ప్రశ్న తమ్ముడు వేశాడు. "అక్కా, అనంతపురంలో వేడి కూడా ఎక్కువే కదా. తేమ వల్లే అని ఎట్లా అంటావు?" ఇద్దరం వాడివైపు తెల్లబోయి చూశాం. రెండు ఊళ్ళకూ వేడీ మారింది, తేమా మారింది. చెంపదెబ్బలాంటి ప్రశ్న. తను కాగితం తీసి లెక్క వేసింది. వేడిని విశాఖలో ఉన్నట్టే 34 దగ్గర ఉంచి, తేమను ఒక్కదాన్నే 20 శాతానికి తగ్గిస్తే? తడిబల్బు 19కి కాస్త దిగువకు వస్తుంది. దిగే చోటు 15 డిగ్రీలు. అంటే ఐదు నుంచి పదిహేనుకు తెచ్చింది తేమ, పదిహేను నుంచి పదిహేడుకు తెచ్చింది వేడి. "రెండూ ఉన్నాయి, కానీ పెద్ద వాటా తేమది. ఇది లెక్క కట్టాను, విడిగా కొలవలేదు." ఈ లెక్కను పోస్టరు మూలన చిన్న గడిలో పెట్టింది. తమ్ముడికి కృతజ్ఞతలు కూడా రాసింది. వాడు వారం రోజులు కాలర్ ఎగరేశాడు.

నేను ఇంకొకటి నేర్పాను, ఎవరైనా నీ కొలతను శంకిస్తే వాడుకోవడానికి. పది లీటర్ల నీళ్ళు పది డిగ్రీలు చల్లబడాలంటే 420 కిలోజౌళ్ళు పోవాలి. గ్రాముకు 2.4 చొప్పున కనీసం 175 గ్రాముల నీళ్ళు ఆవిరై ఉండాలి. బయటినుంచి వేడి వస్తుంటుంది కాబట్టి నిజంగా అంతకన్నా ఎక్కువే పోతాయి. నీ త్రాసులో కుండ బరువు అంతకన్నా తక్కువ తగ్గిందంటే థర్మామీటరో త్రాసో అబద్ధమాడుతున్నట్టే. తను పాత నోట్సు తీసి సరిచూసుకుంది. ఒక రోజు లెక్క కుదరలేదు. ఆ రోజు థర్మామీటరును నీళ్ళు కలపకుండా అడుగున పెట్టిందట. అడుగున చల్లని నీళ్ళు చేరతాయి కదా. ఆ రోజు చుక్కను గ్రాఫులోంచి తీసేసి, ఎందుకు తీశానో కింద ఒక ముక్క రాసింది. ఆ ముక్క చూసి ఎవరైనా ప్రశ్న వేస్తే అదృష్టమే, జవాబు నాలుక చివర ఉంది.

తెలియని ప్రశ్నలూ వస్తాయి. "పాత కుండ సంగతేమిటి?" అన్నాను. "నావన్నీ కొత్తవే, పాతవి కొలవలేదు. నీళ్ళలోని ఉప్పు రంధ్రాల్లో పేరుకుంటే ఆవిరి తగ్గుతుందని అనుకుంటున్నాను. మీ ఇంట్లో ఎన్నేళ్ళ కుండ ఉందండీ?" అంది. ఆ చివరి ప్రశ్న నేను నేర్పలేదు.

సదస్సు రోజు నేనూ వెళ్ళాను, దూరంగా కుర్చీలో కూర్చున్నాను. పోస్టరుకు అడ్డంగా కాకుండా గ్రాఫున్న వైపు పక్కగా నిలబడింది. ఎవరైనా ఆగితే వెంటనే మీద పడకుండా శీర్షిక చదవనిచ్చింది. తర్వాత "మీరు ఏ సబ్జెక్టండీ?" అని అడిగి, దాన్నిబట్టి మొదలుపెట్టింది. ఫిజిక్సు వాళ్ళకు తడిబల్బు నుంచి, మిగతావాళ్ళకు నాయనమ్మ మాట నుంచి. ఒకాయన మరీ మెల్లగా అడిగాడు, ప్రశ్న సగమే వినపడింది. "మీరు అడిగేది కుండ మందం గురించేనా?" అని తిరిగి చెప్పించుకుంది. మందం కాదు, కుండ మీద మూత గురించి. తిరిగి అడక్కపోతే రెండు నిమిషాలు మందం గురించి మాట్లాడి ఉండేది. ఇంకొకాయన "ఇందులో కొత్తేముంది, మాకెప్పుడో తెలుసు" అన్నాడు. తను ముఖం మాడ్చుకోలేదు. "చల్లబడదని తెలుసండీ, ఎంతకన్నా చల్లబడదో గీత గీసి చూపించాను" అంది. ఆయన గీత వైపు చూశాడు. అటునుంచి నా వైపు చూశాడు. నేను టీ తాగుతున్నట్టు నటించాను.

సాయంత్రం హాలు ఖాళీ అవుతుంటే టీ కప్పులు ఏరుకునే పెద్దాయన ఆ బొమ్మ ముందు ఆగాడు. ఇంగ్లీషు రాదని, ఏమి రాశారని అడిగాడు. తను ఎనిమిదిసార్లు కొట్టేసి రాసిన ఆ తెలుగు వాక్యమే చెప్పింది.

"మరి మేము కుండకు తడి గోనెసంచి చుడతాం కదమ్మా. అప్పుడు విశాఖలోనూ చల్లబడదా?"

ఇది మేం రిహార్సల్లో వేసుకోలేదు. తను పోస్టరు వైపు తిరిగి ఒక్క క్షణం ఆ హద్దు గీతను చూసుకుంది. "గోనె వల్ల తడి ఎక్కువ చోటికి పరుచుకుంటుంది పెద్దయ్యా, గాలి ఆడే చోట పెడితే హద్దుకు ఇంకా దగ్గరికీ తొందరగానూ చేరుతుంది. హద్దు మాత్రం జరగదు. ఇది కొలవలేదు, అనుకుంటున్నాను."

"కొలిచి చూడు మరి" అన్నాడాయన, కప్పులు బకెట్లో వేసుకుంటూ. "గోనెసంచి మా ఇంట్లో ఉంది."